చిన్నదానికే పెద్ద వాటా

పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ల వెనకవైపు, కరెంటు వైరు గుచ్చే చోటికి పక్కనే ఒక చిన్న ఎర్ర స్విచ్ ఉండేది. దాని మీద 230 అన్న అంకె కనిపించేది. స్క్రూడ్రైవర్ మొనతో పక్కకు జరిపితే 115 కనిపించేది. ఇళ్లలో 115, 120 వోల్టుల కరెంటు వచ్చే అమెరికా లాంటి దేశాల కోసం పెట్టిన ఏర్పాటది. మన దగ్గర దాన్ని కదపకూడదు. ఇదేమిటో చూద్దామని కదిపి, ఆ తర్వాత కరెంటు ఇచ్చినవాళ్లకు సమాధానం ఢామ్మని వచ్చేది. వెంటనే ఘాటైన పొగ. ఆ పవర్ సప్లై డబ్బా ఇక పనికొచ్చేది కాదు.

ఆ డబ్బా మూత విప్పి చూస్తే బొటనవేలికన్నా లావుగా రెండు కెపాసిటర్లు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. చాలావాటి మీద 470 మైక్రోఫారడ్, 200 వోల్ట్ అని అచ్చువేసి ఉంటుంది. ఇక్కడే ఒక అనుమానం రావాలి. మన ఇంటి ఏసీ కరెంటు 230 వోల్టులు. దాన్ని డీసీగా మార్చి కెపాసిటర్లో నింపితే ఏసీ అలల శిఖరం దాకా, అంటే సుమారు 325 వోల్టుల దాకా పోతుంది. 200 వోల్టులకు మించి పెట్టొద్దని ఒంటిమీదే రాసి ఉన్న సరుకు 325 వోల్టుల దగ్గర ఏళ్ల తరబడి ఎలా పనిచేసింది?

రెండూ సిరీస్‌లో ఉన్నాయి, వోల్టేజిని చెరి సగం పంచుకుంటున్నాయి అని ఒక్క ముక్కలో జవాబు చెప్పేయవచ్చు. మెకానిక్కులు కూడా చాలామంది అలాగే చెబుతారు. కానీ ఆ చెరి సగం అన్నది ఎప్పుడూ నిజం కాదు. ఎప్పుడు నిజం, ఎప్పుడు కాదు, కానప్పుడు ఎవరి నెత్తిన ఎంత పడుతుంది అన్నదే అసలు విషయం.

కెపాసిటర్ అంటే దగ్గరదగ్గరగా ఉన్న రెండు లోహపు రేకులు, వాటి మధ్య కరెంటును పోనివ్వని ఒక పొర. ఒక రేకు మీద ఎంత ధనావేశం చేరితే ఎదుటి రేకు మీద అంతే రుణావేశం చేరుతుంది. ఆవేశం పెరిగేకొద్దీ రెండు రేకుల మధ్య వోల్టేజి పెరుగుతుంది. ఒక వోల్టు పెరగడానికి ఎంత ఆవేశం పోయాలి అన్నదే దాని కెపాసిటెన్స్. లెక్కలో రాస్తే Q = C × V. దీన్ని నీళ్ల తొట్టిలా ఊహించుకోండి. ఆవేశం నీళ్లు, వోల్టేజి నీటిమట్టం, కెపాసిటెన్స్ తొట్టి వెడల్పు. వెడల్పు తొట్టిలో ఎన్ని బిందెలు పోసినా మట్టం నెమ్మదిగానే లేస్తుంది. సన్న తొట్టిలో అవే బిందెలు పోస్తే మట్టం ఎక్కడికో పోతుంది. ఈ ఒక్క పోలికను గుర్తుంచుకుంటే చాలు, మిగతాదంతా దాని వెంటే వస్తుంది.

ముందు సులువైనది చూద్దాం. రెండు కెపాసిటర్లను ప్యారలల్‌గా కలపడమంటే దీని ఒక కాలు దాని ఒక కాలికీ, దీని రెండో కాలు దాని రెండో కాలికీ కలిపేయడం. అప్పుడు రెండింటి మీదా ఒకే వోల్టేజి ఉంటుంది. ఎవరి వెడల్పుకు తగ్గట్టు వాళ్లు ఆవేశం తీసుకుంటారు. మొత్తం ఆవేశం రెండింటి కూడిక కాబట్టి తుల్య కెపాసిటెన్స్ కూడా కూడికే: C = C1 + C2.

ఇది మన గోడ మీదే ఉంది. ఫ్యాన్ వేగాన్ని ఒకటి, రెండు, మూడు అని టక్‌టక్‌మని మార్చే రెగ్యులేటర్ లోపల చాలావరకు రెండో మూడో కెపాసిటర్లే ఉంటాయి. ఉదాహరణకు ఒకటి 2.2 మైక్రోఫారడ్, ఇంకోటి 3.3 అనుకుందాం. తక్కువ వేగంలో 2.2 ఒక్కటే ఫ్యాన్‌కు వెళ్లే దారిలో ఉంటుంది. నాబ్ తిప్పితే దాని బదులు 3.3 వస్తుంది. ఇంకా తిప్పితే రెండూ ప్యారలల్‌గా కలిసి 5.5 అవుతాయి. చివరి గాటులో కెపాసిటర్లు తప్పుకుని ఫ్యాన్‌కు కరెంటు నేరుగా పోతుంది. కెపాసిటెన్స్ పెరిగేకొద్దీ ఏసీ కరెంటుకు అడ్డు తగ్గుతుంది, ఫ్యాన్ వేగం పెరుగుతుంది. రెండే వస్తువులతో నాలుగు వేగాలు. పాతకాలపు రెగ్యులేటర్లలో ఈ పని రెసిస్టెన్స్ చుట్టలు చేసేవి. మిగిలిన కరెంటును వేడిగా మార్చి పారబోసేవి కాబట్టి ఆ డబ్బాలు అంతగా కాలేవి.

ఇప్పుడు సిరీస్. ఒకదాని కాలిని ఇంకోదాని కాలికి ముడివేసి, మిగిలిన రెండు చివరలకు వోల్టేజి ఇస్తాం. ఆ ముడి దగ్గర కాస్త ఆగి చూడాలి. మొదటి కెపాసిటర్ కింది రేకు, వాటిని కలిపే తీగ, రెండో కెపాసిటర్ పై రేకు, ఈ మూడూ కలిసి ఒక ద్వీపం. దానికి పైనా కిందా కరెంటు దాటలేని పొరలే. బయటినుంచి ఆవేశం లోపలికి రాలేదు, లోపలిది బయటికి పోలేదు. మొదట్లో ఆ ద్వీపం మీద నికర ఆవేశం సున్నా కాబట్టి ఎప్పటికీ సున్నాగానే ఉండాలి. పైనున్న కెపాసిటర్ తన కింది రేకు మీదికి కొంత రుణావేశాన్ని లాగితే, సరిగ్గా అంత ధనావేశం రెండో కెపాసిటర్ పై రేకు మీద మిగులుతుంది. అంటే పరిమాణంలో చిన్నవైనా పెద్దవైనా సిరీస్‌లో ఉన్న కెపాసిటర్లన్నింటి మీదా ఆవేశం ఒక్కటే.

ఇక్కడ తొట్టిని తలుచుకోండి. అన్ని తొట్టుల్లోనూ లెక్కపెట్టి అవే బిందెలు పోశాం. అందరికన్నా మట్టం ఎక్కువ లేచేది సన్న తొట్టిలోనే. కాబట్టి సిరీస్‌లో అన్నిటికన్నా ఎక్కువ వోల్టేజి పడేది అన్నిటికన్నా చిన్న కెపాసిటర్ మీదే. రెసిస్టర్లకు అలవాటుపడినవాళ్లు ఇక్కడే తడబడతారు. అక్కడ పెద్ద రెసిస్టెన్స్‌కు పెద్ద వాటా, ఇక్కడ చిన్న కెపాసిటెన్స్‌కు పెద్ద వాటా.

పైన చెప్పిన 2.2, 3.3 మైక్రోఫారడ్ కెపాసిటర్లనే సిరీస్‌లో కలిపి 100 వోల్టుల డీసీ ఇద్దాం. ఒక్కోదాని మీద వోల్టేజి Q/C. రెండింటి వోల్టేజీలు కలిస్తే 100 కావాలి. అందుకే సిరీస్ సూత్రంలో విలోమాలు కూడతాం: 1/C = 1/C1 + 1/C2. రెండే ఉన్నప్పుడు రెండింటి లబ్ధాన్ని మొత్తంతో భాగించినా అదే వస్తుంది. 2.2 × 3.3 అంటే 7.26, దాన్ని 5.5తో భాగిస్తే 1.32 మైక్రోఫారడ్. రెండింటిలో చిన్నదానికన్నా కూడా తక్కువ. 100 వోల్టుల దగ్గర ఆవేశం 132 మైక్రోకూలుంబులు. దాన్ని 2.2తో భాగిస్తే 60 వోల్టులు, 3.3తో భాగిస్తే 40 వోల్టులు. చిన్నదానికి అరవై, పెద్దదానికి నలభై.

ఒక మాట. ఫ్యాన్, రెగ్యులేటర్ కూడా సిరీస్‌లోనే ఉంటాయి గానీ వాటికి ఈ లెక్క వర్తించదు. ఫ్యాన్ లోపల ఉన్నది తీగచుట్ట. ఏసీలో చుట్ట మీద వోల్టేజి, కెపాసిటర్ మీద వోల్టేజి ఒకే క్షణంలో శిఖరాన్ని చేరవు. మీటరు పెట్టి రెండు రీడింగులూ కలిపితే 230 కన్నా ఎక్కువ వస్తుంది. చూసి మీటరు పాడైందనుకోవద్దు.

ఇప్పుడు కంప్యూటర్ డబ్బాలోకి వెళ్దాం. రెండు 470 మైక్రోఫారడ్‌లు సిరీస్‌లో ఉంటే తుల్య కెపాసిటెన్స్ సగం, 235. డబ్బులు రెండింటికి పెట్టి సగం తెచ్చుకున్నట్టు అనిపిస్తుంది గానీ పోయిందేమీ లేదు. కెపాసిటర్లో దాగే శక్తి ½CV². 235 మైక్రోఫారడ్ 325 వోల్టుల దగ్గర దాచుకునే శక్తి సుమారు 12.4 జౌళ్లు. అవే రెండింటిని ప్యారలల్‌గా కలిపి 940 మైక్రోఫారడ్ చేసి, 162.5 వోల్టుల దగ్గర నింపినా అదే 12.4. కెపాసిటెన్స్ తగ్గినంత మేరా వోల్టేజిని తట్టుకునే శక్తి పెరిగింది, అంతే.

ఇదంతా రెండూ అచ్చంగా ఒకేలా ఉంటేనే. ఇలాంటి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు ఇరవై శాతం అటూ ఇటూ తేడా మామూలు. డబ్బా మీద 470 అని రాసినా లోపల 376 ఉండొచ్చు, 564 ఉండొచ్చు, రెండూ నిబంధనల ప్రకారం మంచివే. దురదృష్టవశాత్తు ఒక పక్క 376, ఇంకో పక్క 564 పడ్డాయనుకుందాం. 325 వోల్టులు ఇప్పుడు సగం సగం కాదు. చిన్నదాని వాటా 325 × 564 ÷ 940, అంటే 195 వోల్టులు. పెద్దదానికి 130. ఒకటి హాయిగా ఉంది, ఇంకోటి 200 గీతకు ఐదు వోల్టుల దూరంలో ఉంది. అర్ధరాత్రి లోడు తగ్గి వీధి కరెంటు 250కి పెరిగిందంటే శిఖరం 353 దాటుతుంది, చిన్నదాని మీద 212 పడుతుంది. రెండు 200 వోల్టులవి కలిపితే 400 వోల్టులవుతుందిలే అని ధీమాగా ఉన్నవాడి లెక్క అక్కడ తప్పుతుంది. ఈ జత నిజంగా తట్టుకోగలిగింది సుమారు 333 వోల్టులే.

ఒకే కంపెనీ, ఒకే బ్యాచ్ సరుకు అయితే ఇంత తేడా అరుదు. ఫ్యాక్టరీలో కొత్తగా వేసినప్పుడు రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా వచ్చేది రిపేరు దగ్గర. రెండింటిలో ఒకటి ఉబ్బింది, దాన్నొక్కదాన్నే మార్చారు. కొత్తది 470 దగ్గర ఉంటుంది, పక్కనున్న పాతది ఏళ్ల వేడికి ఎండి 350కి దిగి ఉంటుంది. మార్చకుండా వదిలేసిన ఆ పాతదాని మీదికే ఎక్కువ వోల్టేజి పోతుంది. ఇంకొన్ని వారాలకు అదీ ఉబ్బుతుంది. అందుకే తెలిసినవాళ్లు ఒకటి పోతే రెండూ మారుస్తారు. అది ఖర్చు పెంచే ఎత్తు కాదు.

ఇంతకీ ఆ ఎర్ర స్విచ్ చేసేదేమిటంటే, 115 వైపు జరపగానే ఏసీ వైరు ఒకటి తెచ్చి రెండు కెపాసిటర్ల మధ్య ముడికి తగిలిస్తుంది. అప్పుడు ఏసీ ఒక అర్ధచక్రంలో పై కెపాసిటర్‌ను, మరో అర్ధచక్రంలో కింది కెపాసిటర్‌ను విడివిడిగా శిఖరం దాకా నింపుతుంది. 115 వోల్టుల దేశంలో ఒక్కోదాని మీద 162 పడి, రెండూ కలిసి 325 వస్తుంది. మిగతా సర్క్యూట్‌కు తేడా తెలియదు. తెలివైన ఏర్పాటే. కానీ మన 230 దగ్గర ఆ స్విచ్ జరిపితే ఒక్కోదాని మీదా నేరుగా 325 పడుతుంది. తట్టుకోవాల్సింది 200. పంచుకోవడానికి పక్కవాడు లేడు.

ఇంతవరకు చెప్పిన పంపకం కరెంటు ఇచ్చిన మొదటి క్షణాల మాట. ఆ తర్వాత ఇంకో కథ మొదలవుతుంది. ముడి దగ్గరి ద్వీపం నిజానికి పూర్తిగా ద్వీపం కాదు. ఎలక్ట్రోలిటిక్‌లో మధ్య పొర గుండా కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ కారుతూ ఉంటుంది. రెండింటిలో ఒకటి ఎక్కువ కారిస్తే దాని మీద వోల్టేజి మెల్లగా తగ్గుతుంది, తక్కువ కార్చేదాని మీద పెరుగుతుంది. డీసీ మీద చాలాసేపు ఉంచితే చివరికి వాటాలు తేల్చేది కెపాసిటెన్స్ కాదు, ఈ లీకేజి. మంచిదానికే ఎక్కువ బరువు పడటం ఇందులో అన్యాయం. ఏసీలో ఈ బెడద పెద్దగా లేదు. సెకనుకు యాభైసార్లు ముందుకూ వెనక్కూ నడిచే కరెంటు ముందు లీకేజి లెక్కలోకి రాదు, పంపకం కెపాసిటెన్స్ ప్రకారమే జరుగుతుంది.

డీసీలో ఈ జారుడును ఆపడానికి ఒక్కో కెపాసిటర్‌కూ అడ్డంగా ఒక్కో రెసిస్టర్ పెడతారు. విలువ 150 కిలోఓమ్‌లు అనుకుందాం. 325 వోల్టులకు రెండు రెసిస్టర్ల గుండా సుమారు 1.1 మిల్లీఆంపియర్ నిరంతరం పోతూ ఉంటుంది. లీకేజిల మధ్య తేడా 0.1 మిల్లీఆంపియర్ ఉందనుకుంటే, సగం దగ్గర ఉండాల్సిన ముడి జరిగేది ఏడున్నర వోల్టులే. ఒకదాని మీద 155, ఇంకోదాని మీద 170. ఎవరికీ ప్రమాదం లేదు. లీకేజి తేడాకన్నా రెసిస్టర్ కరెంటు బాగా ఎక్కువగా ఉండాలన్నదే ఇందులో కిటుకు. అలాగని మరీ చిన్న రెసిస్టర్ పెడితే ఊరికే వేడెక్కుతుంది. 150 కిలోఓమ్ దగ్గర ఒక్కోటి వాటులో ఆరో వంతు కరెంటునే తింటుంది.

ఈ రెసిస్టర్లకు రెండో పని కూడా ఉంది. ప్లగ్ పీకేశాక కెపాసిటర్లలో మిగిలిన ఆవేశాన్ని ఖాళీ చేసేవి ఇవే. 150 కిలోఓమ్, 470 మైక్రోఫారడ్ అయితే ప్రతి 70 సెకన్లకు వోల్టేజి మూడో వంతుకు కాస్త ఎక్కువగా మిగులుతుంది. ఐదు నిమిషాలకు 325 కాస్తా ఐదు వోల్టుల లోపుకు వస్తుంది. రెసిస్టర్ ఒకటి తెగిపోయి ఉంటే మాత్రం దాని కెపాసిటర్ గంటల తరబడి నిండుగానే ఉండొచ్చు. అందుకే డబ్బా విప్పిన మెకానిక్ ముందు మీటరు పెట్టి చూస్తాడు, తర్వాతే చెయ్యి పెడతాడు.

మీటరు సంగతి కూడా చెప్పాలి. బల్ల మీద 2.2, 3.3 ఫిల్మ్ కెపాసిటర్లను సిరీస్‌లో పెట్టి 100 వోల్టుల డీసీ ఇచ్చి, 2.2 మీద 60 ఉందో లేదో చూద్దామని డిజిటల్ మీటరు పెడితే మొదట 60 దగ్గర అంకె కనిపిస్తుంది. చూస్తుండగానే 50, 40, 30 అని దిగిపోతుంది. సిద్ధాంతం తప్పలేదు. ఫిల్మ్ కెపాసిటర్ల లీకేజి దాదాపు శూన్యం, మీటరు లోపలి రెసిస్టెన్స్ మామూలుగా 10 మెగాఓమ్‌లు. అంటే ఆ జతలో అన్నిటికన్నా పెద్ద లీకేజి ఇప్పుడు మీటరే. 2.2 మీద ఉన్న ఆవేశాన్ని అది మెల్లగా కార్చేస్తుంటే, 3.3 మీద వోల్టేజి 100 వైపు ఎక్కుతూ పోతుంది. కొన్ని నిమిషాలు అలా వదిలేస్తే మొత్తం వోల్టేజి ఒక్కదాని మీదే ఉంటుంది. కొలవడానికి వెళ్లినవాడే పంపకాన్ని మార్చేశాడు. ఆ 3.3 మీద 63 వోల్టులని రాసి ఉంటే కొలతే దాని ప్రాణం తీయగలదు.

ఇంతవరకు వోల్టేజి పంపకం తలనొప్పిగానే కనిపించింది. దాన్నే ఉద్యోగంలో పెట్టుకున్న చోటు ఒకటుంది. 400 కిలోవోల్టుల సబ్‌స్టేషన్‌లో, విజయవాడ దగ్గర నున్నలో ఉన్నలాంటి వాటిలో, లైను తీగ కింద నిలువెత్తు పింగాణీ స్తంభాలు ఉంటాయి. వాటిలో కొన్ని సీవీటీలు, అంటే కెపాసిటర్ల సాయంతో వోల్టేజి కొలిచే ట్రాన్స్‌ఫార్మర్లు. తీగకూ భూమికీ మధ్య ఉండే 231 కిలోవోల్టులను నేరుగా ఏ మీటరూ చూడలేదు. అందుకే స్తంభం లోపల నూనెలో వందల కొద్దీ చిన్న కెపాసిటర్లను ఒకదాని మీద ఒకటి సిరీస్‌లో పేర్చి, అడుగుకు దగ్గరలో ఒక చోట నుంచి తీగ బయటికి తీస్తారు. ఆ చోటికి పైనున్నదంతా కలిపి C1, కిందున్నది C2. C2 పెద్దది కాబట్టి దాని వాటా చిన్నది. C1 కు C2 పంతొమ్మిది రెట్లు ఉందనుకుంటే C2 మీద పడేది ఇరవయ్యో వంతు, సుమారు 11.5 కిలోవోల్టులు. దాన్ని ఒక మామూలు ట్రాన్స్‌ఫార్మర్ 63.5 వోల్టులకు దించి కంట్రోల్ రూమ్‌కు పంపుతుంది. ఇది ఏసీ కాబట్టి పంపకం కెపాసిటెన్స్ ప్రకారమే స్థిరంగా నిలుస్తుంది, లీకేజి గొడవ లేదు.

ఈ స్తంభానికి జబ్బు చేస్తే తెలిసేది కూడా పంపకం ద్వారానే. C1 లో 200 చిన్న కెపాసిటర్లు ఉన్నాయనుకుందాం. వాటిలో ఒకటి లోపల షార్ట్ అయింది. బయటికి ఏమీ కనిపించదు, స్తంభం పనిచేస్తూనే ఉంటుంది. కానీ సిరీస్‌లో ఒకటి తగ్గితే తుల్య కెపాసిటెన్స్ పెరుగుతుంది. C1 అర శాతం పెరిగితే పైభాగం వాటా తగ్గి, కింది వాటా అంత మేరా పెరుగుతుంది. కంట్రోల్ రూమ్‌లో 63.5 కి బదులు 63.8 చూపిస్తుంది. షార్ట్ అయినది C2 లో అయితే రీడింగు పెరగదు, తగ్గుతుంది. అదే లైను మీద మూడు ఫేజుల రీడింగులను పక్కపక్కన పెట్టి చూస్తే, లైను వోల్టేజే మారిందా, ఒక స్తంభమే తేడాగా ఉందా అన్నది తేలుతుంది.

ఒకటి పోయినప్పుడు దాని వాటా మిగతా 199 మీద పడుతుంది. రెండోది పోవడానికి అవకాశం పెరుగుతుంది, మూడోదానికి ఇంకాస్త. రీడింగు గాటు గాటుగా పైకెక్కుతుంటే లోపల ఒక్కొక్కటే రాలుతున్నాయని అర్థం. నిండా నూనె ఉన్న పింగాణీ స్తంభం పగిలితే ముక్కలు చాలా దూరం ఎగురుతాయి, చుట్టుపక్కల పరికరాలు, మనుషులు ప్రమాదంలో పడతారు. అందుకే ఒక ఫేజు రీడింగు మిగతా రెండింటికన్నా పెరుగుతూ పోతోందని తేలగానే, పగిలేదాకా ఆగకుండా ఆ స్తంభాన్ని లైను నుంచి విడదీసి మార్చేస్తారు.